హెడ్డింగ్ ఫాంటూ బాగుంది, బాడీ ఫాంటూ బాగుంది, పేజీ మాత్రం ప్రెస్సులో ఏదో తప్పు జరిగినట్టుంది

బురుజు_సెంటర్ (కర్నూలు), ఆదివారం రాత్రి

అందరికీ నమస్తే. మాది 1998 పదో తరగతి బ్యాచ్. వచ్చే నెల మా ఊరి హైస్కూల్లో అందరం కలుస్తున్నాం, దానికి ఒక సావనీర్ వేస్తున్నాం. ఏ5 సైజు, 40 పేజీలు, లోపలంతా నలుపు ఒక్కటే. "నీకు కంప్యూటర్ తెలుసు కదరా" అని పని నా నెత్తిన పెట్టినారు. నాకు తెలిసింది ఎక్సెల్. అయినా ఒప్పుకున్నా, ఇప్పుడు లిబ్రేఆఫీస్‌తో కుస్తీ పడుతున్నా.

తెలుగు వ్యాసాలకు బాడీ టిరో తెలుగు 12 పాయింట్లు, హెడ్డింగు నోటో సెరిఫ్ తెలుగు 16. అమెరికాలో ఉన్న ఇద్దరు ఇంగ్లిష్‌లో రాసి పంపినారు. వాటికి హెడ్డింగు గారమండ్ 16, బాడీ టైమ్స్ న్యూ రోమన్ 12. నాలుగూ పేరున్న ఫాంట్లే కదా, గొడవుండదనుకున్నా.

నిన్న ప్రింటు తీసి మా పాత హెడ్‌మాస్టరు గారికి చూపించాను. నాలుగు పేజీలు తిప్పి, "ప్రెస్సులో ఫాంటు మారిపోయినట్టుందే నాయనా, ఒకసారి చూసుకో" అన్నారు. మారలేదు సార్, నేనే అట్లా పెట్టినా అని చెప్పడానికి నోరు రాలేదు. ఇంటికొచ్చి చూస్తే నాకూ అట్లాగే అనిపిస్తోంది. కానీ తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపించలేకపోతున్నా. ఎవరైనా చెప్పండి.

---

కడప_ఫ్లెక్స్ (కడప), ఆదివారం రాత్రి

చూడప్పా, ఇంత ఆలోచన ఎందుకు? నేను పదహారేళ్లుగా బోర్డులు కొడుతున్నా. మంచి జోరుగా ఉన్న ఫాంటు ఒకటి పట్టుకో, పైనుంచి కిందిదాకా అదే కొట్టు. రెండు ఫాంట్లు పెడితేనే కదా ఈ తలనొప్పి. పోయిన వారం ఒక టిఫిన్ సెంటర్‌కు కారం దోసె బోర్డు వేసినా. పేరు, ధరలు, ఫోన్ నంబరు అన్నీ ఒకే ఫాంటు. రోడ్డు అవతలి నుంచి కూడా కనపడుతుంది.

---

కొత్త_డిజైనర్ (ప్రొద్దుటూరు), సోమవారం ఉదయం

అన్నా, ఇది సింపుల్. రెండూ సెరిఫ్ పెట్టారు, అదే ప్రాబ్లం. హెడ్డింగుకు అక్షరాల చివర కాళ్లు లేని సాన్స్, బాడీకి కాళ్లున్న సెరిఫ్ పెట్టాలి. లేదంటే తిప్పి పెట్టండి. మా కోర్సులో మొదటి రోజు చెప్పింది ఇదే. నోటో సాన్స్ తెలుగు హెడ్డింగ్, నోటో సెరిఫ్ తెలుగు బాడీ. అయిపోయింది.

---

అను_పాతకాపు (నంద్యాల), సోమవారం ఉదయం

యూనికోడ్ ఫాంట్లు పేజ్‌మేకర్‌లో రావు కదా సార్? మీకు ఎట్లా వచ్చాయి? మా దగ్గర ఇప్పటికీ అను ఫాంట్లతోనే పని. యూనికోడ్‌లో వచ్చిన మేటర్ పేస్టు చేస్తే అంతా ప్రశ్నార్థకాలే. అసలు సమస్య అదేనేమో చూడండి.

---

బురుజు_సెంటర్ (కర్నూలు), సోమవారం మధ్యాహ్నం

పాతకాపు గారూ, నేను పేజ్‌మేకర్ వాడటం లేదండీ. అక్షరాలు సరిగ్గానే వస్తున్నాయి, చూడటానికే బాగాలేదు.

కడప అన్నా, 40 పేజీలూ బోర్డు ఫాంటులో కొడితే మా బ్యాచ్ వాళ్లు నన్ను బడి గేటు దాటనివ్వరు.

తమ్ముడూ, నువ్వు చెప్పింది చేసి చూసినా. కొంచెం మెరుగే. కానీ హెడ్డింగు హెడ్డింగులా లేదు, బాడీనే కొంచెం పెద్దది చేసినట్టుంది.

---

పేజీలక్క (అనంతపురం), సోమవారం రాత్రి

ఆలస్యంగా చూశాను. పేపర్లో పేజీలు పెట్టడం నా పని, ఇరవై ఏళ్లు దాటింది.

మీ హెడ్‌మాస్టరు గారు ఫాంట్ల జోలికి పోకుండానే జబ్బు పేరు చెప్పేశారు. ఆయన కన్ను ఒక తేడాను పట్టింది. ఆ తేడా ఎందుకుందో మాత్రం కంటికి దొరకలేదు. కారణం దొరకని తేడాను మనం పొరపాటు కిందే లెక్కేస్తాం. పెళ్లికి ఒకడు నీలం ప్యాంటు, దానికి పక్క నీలం చొక్కా వేసుకొస్తాడు చూడండి. సూటు కుట్టించుకున్నాడని అనలేం, వేరే రంగులు వేసుకున్నాడనీ అనలేం. చీకట్లో బట్టలేసుకొచ్చాడు అనుకుంటాం. మీ పేజీ అట్లా ఉంది.

మీ ఇంగ్లిష్ జతతో మొదలుపెడతాను, అందులో చూపించడం తేలిక. టైమ్స్ న్యూ రోమన్ లండన్ పేపరు ది టైమ్స్ కోసం 1930ల మొదట్లో తయారైంది. దాన్ని గీసేటప్పుడు ప్లాంటిన్ అనే అచ్చును ముందు పెట్టుకున్నారు. ఆ ప్లాంటిన్‌కు మూలం 16వ శతాబ్దంలో గ్రాంజాన్ అనే ఫ్రెంచివాడు చెక్కిన అక్షరాలు. గారమండ్ అదే దేశం, అదే శతాబ్దం. అంటే మీరు పెట్టినవి పెదనాన్న పిల్లాడూ చిన్నాన్న పిల్లాడూ. ముక్కూ మొహం ఒకటే, తేడా అంతా చెవుల దగ్గర.

సైజు కూడా మిమ్మల్ని మోసం చేసింది. గారమండ్‌లో చిన్న అక్షరాల ఒంటి ఎత్తు తక్కువ, పాయింటు సైజులో సుమారు 40 శాతం. టైమ్స్‌లో అది సుమారు 45. ఈ లెక్కన 16 పాయింట్ల గారమండ్ ఒళ్లు 6.4 పాయింట్లు, 12 పాయింట్ల టైమ్స్ ఒళ్లు 5.4. హెడ్డింగును బాడీకంటే మూడోవంతు పెద్దగా పెట్టానని మీరు అనుకున్నారు. కంటికి అందింది ఐదోవంతు కూడా లేదు. ఆకారమూ దగ్గరే, సైజూ దగ్గరే. ఇంక అది హెడ్డింగ్ అని ఎవరికి తెలుస్తుంది?

తెలుగు జత కూడా ఇదే కథ. టిరో తెలుగులో, నోటో సెరిఫ్ తెలుగులో గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా నడుస్తుంది. ఖాళీ పేజీలో "రాయలసీమ" అని రెండింట్లోనూ 72 పాయింట్లలో ఒకదాని కింద ఒకటి కొట్టి చూడండి. తలకట్టు మొన, గీత చివర్లు, సున్నాల గుండ్రదనం వేరుగా కనిపిస్తాయి. ఇప్పుడు ఆ రెండు పదాలనే 14 పాయింట్లకు దించి, ప్రింటు తీసి గోడకు అంటించి, ఆరడుగుల వెనక్కి రండి. ఏది ఏదో చెప్పగలిగితే ఆ జత వాడుకోవచ్చు. చెప్పలేకపోతే రెండింట్లో ఒకదాన్ని పంపించేయాలి.

ప్రొద్దుటూరు తమ్ముడు చెప్పింది సగం నిజం. ఇంగ్లిష్‌లో ఆ సూత్రం చాలాసార్లు పనిచేస్తుంది. కానీ తెలుగు అక్షరానికి ఇంగ్లిష్ సెరిఫ్ లాంటి కాళ్లు లేవు. తెలుగు ఫాంటు పేరులో సెరిఫ్ అని ఉంటే, పక్కనుండే ఇంగ్లిష్ సెరిఫ్‌కు తోడుగా గీతను లావూ సన్నం చేశారని అర్థం. సాన్స్ అంటే గీత దాదాపు ఒకే మందం. 12, 16 పాయింట్లలో పత్రిక కాగితం మీద సిరా కాస్త పరుచుకోగానే సన్నగీత కూడా లావెక్కుతుంది, ఆ తేడా అక్కడితో సరి. పేరులో తేడా ఉంది కాబట్టి పేజీ మీదా ఉంటుందనుకోకూడదు.

---

కొత్త_డిజైనర్ (ప్రొద్దుటూరు), సోమవారం రాత్రి

అక్కా, గోడకు అంటించి చూశాను. ఆరడుగుల నుంచి నోటో సాన్స్, నోటో సెరిఫ్ నిజంగానే కనుక్కోలేకపోయాను. నాలుగడుగుల నుంచి మాత్రం తెలిసింది 😅 కానీ హెడ్డింగును సాన్స్ బ్లాక్ వెయిట్‌లో పెడితే తెలుస్తుంది కదా?

---

పేజీలక్క (అనంతపురం), సోమవారం రాత్రి

తెలుస్తుంది. కానీ అప్పుడు పని చేస్తున్నది మందం, సాన్స్ అన్న పేరు కాదు. ఒకే కుటుంబంలో లావూ సన్నం వాడటం తప్పేమీ కాదు, మా పేపర్లో సగం పేజీలు అట్లాగే వెళ్తాయి. ఎవరూ వేలెత్తి చూపరు, ఎవరూ ఆగి చూడరు కూడా. పాతికేళ్ల తర్వాత కలుస్తున్న పిల్లల పుస్తకం కాబట్టి కొంచెం అల్లరి ఉండాలని నా ఉద్దేశం.

బురుజు గారూ, మీరు చేయాల్సింది ఇది.

ముందు బాడీ ఫాంటు తేల్చుకోండి. అందరూ హెడ్డింగు ఫాంటు మీద మోజుపడి, దానికి బాడీని వెతుకుతారు. జనం చదివేది బాడీ, 40 పేజీల్లో 38 పేజీలు అదే. మీ దగ్గరున్న రెండింట్లో నోటో సెరిఫ్ ఉంచి, టిరోను తీసేయండి. టిరో అందమైన ఫాంటే, కానీ అందులో మామూలు, ఇటాలిక్ మాత్రమే ఉన్నాయి, బోల్డ్ లేదు. వ్యాసం మధ్యలో ఉపశీర్షిక పెట్టి మీరు బోల్డ్ నొక్కితే, సాఫ్ట్‌వేరే అక్షరం చుట్టూ గీత మందం చేసి దొంగ బోల్డ్ తయారుచేస్తుంది. అది నిజమా దొంగా తెలుసుకోవాలంటే "ఋషి", "ఘటన", "లక్ష్యం" అని కొట్టి చూడండి. దొంగదైతే ఋలో, ఘలో లోపలి ఖాళీలు పూడుకుపోయి, క్ష కింద వత్తు ముద్దలా కనిపిస్తుంది. నోటో సెరిఫ్‌లో బోల్డ్‌ను విడిగా గీశారు, ఖాళీలు తెరుచుకునే ఉంటాయి.

తర్వాత హెడ్డింగు. బాలూ తమ్ముడు 2 తీసుకోండి, ముంబైలోని ఎక్ టైప్ వాళ్లది, ఉచితం. అందులో ఎక్స్‌ట్రాబోల్డ్. బొద్దుగా, మూలలన్నీ గుండ్రంగా, బూరెలు పొంగినట్టుంటుంది. నోటో సెరిఫ్ పక్కన పెడితే దేనికి ఏ పనో చెప్పనక్కర్లేదు. సైజు 26 పెట్టండి. బాడీ 12కు ఇది రెట్టింపు దాటుతుంది, ఇంక ఎవరూ పొరపాటు అనుకోరు.

ఇంగ్లిష్ వ్యాసాలకు కూడా ఇదే జత. బాలూలో ఇంగ్లిష్ అక్షరాలున్నాయి, హెడ్డింగుకు అవి. బాడీకి నోటో సెరిఫ్. గారమండ్, టైమ్స్ రెండూ బయటికే.

---

కడప_ఫ్లెక్స్ (కడప), మంగళవారం ఉదయం

చూసినారా, చివరికి జోరు ఫాంటు దగ్గరికే వచ్చినారు. నేను చెప్పింది అదే కదక్కా.

---

పేజీలక్క (అనంతపురం), మంగళవారం ఉదయం

అన్నా, మీ బోర్డు మీద ఎనిమిది పదాలుంటాయి, అక్కడ బాడీ అనేదే లేదు. ఇక్కడ పేజీకి నూట యాభై పైనే. జోరు ఫాంటు పదిహేను పదాల వరకు ముద్దు. పేరా దాటితే పక్కింట్లో డీజే పెట్టినట్టే.

---

బురుజు_సెంటర్ (కర్నూలు), మంగళవారం రాత్రి

అక్కా, పెద్ద తేడా వచ్చింది. కానీ మూడు తిప్పలు.

ఒకటి, బాలూ ఇన్‌స్టాల్ చేస్తే లిస్టులో రెగ్యులర్ ఒక్కటే వచ్చింది, ఎక్స్‌ట్రాబోల్డ్ లేదు. గంట కొట్టుకున్నా. చివరికి చూస్తే డౌన్‌లోడ్ చేసిన జిప్‌లో `static` అని ఇంకో ఫోల్డర్ ఉంది, దాంట్లో అన్ని మందాలూ విడివిడి ఫైళ్లుగా ఉన్నాయి. అవి వేశాక వచ్చింది. ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నా.

రెండు, హెడ్డింగు రెండు వరుసలు వస్తే గుద్దుకుంటున్నాయి. మా కబడ్డీ వ్యాసం పేరు ఇది:

రాష్ట్రస్థాయి కబడ్డీలో
శ్రీశైలం జట్టును గెలిచిన రోజు

"ష్ట్ర" కింది వత్తులు సరిగ్గా కింది వరుస "శ్రీ" గుడి మీద వచ్చి కూర్చున్నాయి. వరుసల దూరం `Fixed` 28 పెట్టినా.

మూడోది చిన్నదే కానీ పీకుతోంది. తెలుగు పేరాల మధ్యలో వచ్చే ఇంగ్లిష్ మాటలు, సంవత్సరాలు పరాయివాటిలా సన్నగా కనిపిస్తున్నాయి. నేను అన్నీ సెలెక్ట్ చేసి నోటో సెరిఫ్ తెలుగే పెట్టినా!

---

పేజీలక్క (అనంతపురం), మంగళవారం రాత్రి

మూడోది ముందు చెప్తా, ఎందుకంటే అక్కడ మీకు తెలియకుండా మూడో ఫాంటు దాక్కుంది. లిబ్రేఆఫీస్ ఒకే పేరాకు రెండు ఫాంట్లు గుర్తుపెట్టుకుంటుంది. ఇంగ్లిష్ రకానికి ఒకటి, తెలుగు లాంటి లిపులకు ఒకటి. స్టైల్‌లో ఫాంటు పేజీ తెరిస్తే `Western` అని ఒకటి, `Complex` అని ఒకటి కనిపిస్తాయి, పాత వెర్షన్లలో రెండోది `CTL` అని ఉంటుంది. మీరు మార్చింది రెండోదాన్నే. మొదటిదాంట్లో ఏముందో చూడండి, టైమ్సో లిబరేషన్ సెరిఫో ఉంటుంది. "1998లో" అన్నప్పుడు 1998 అందులోంచి, "లో" ఇందులోంచి వస్తాయి. అంటే ఒకే పదంలో రెండు సెరిఫ్‌ల జత! మీరు బయటికి పంపిన టైమ్స్ దొడ్డిదారిన మళ్లీ వచ్చింది. అక్కడ నోటో సెరిఫ్ పెట్టండి. పేరాలు సెలెక్ట్ చేస్తూ కూర్చోకండి, స్టైల్‌లో మారిస్తే అన్నిచోట్లా ఒకేసారి పోతుంది.

రెండోది. తెలుగులో 26కు 28 సరిపోదు. ఇంగ్లిష్ హెడ్డింగుకు సరిపోతుంది, ఎందుకంటే దానికి కింద వేలాడేవి తక్కువ. మనకు కింద వత్తు, దాని కింద ఇంకో వత్తు, పైన గుడి. బొద్దు ఫాంటులో ఇవి ఇంకా లావు. 40తో మొదలుపెట్టి ఒక్కో పాయింటు తగ్గిస్తూ రండి, తగిలేముందు ఆగండి. ఇంకో దారి కూడా ఉంది, దాన్ని జనం మర్చిపోతారు. వరుస విరిచే చోటు మార్చండి. "రాష్ట్రస్థాయి / కబడ్డీలో శ్రీశైలం జట్టును / గెలిచిన రోజు" అంటే "ష్ట్ర" కింద గుడి లేని "కబ" వస్తుంది, "శ్రీ" జరిగి పక్కకు పోతుంది. అర్థం కూడా బాగా విరుగుతుంది.

---

ఆదోని_మాస్టారు (ఆదోని), బుధవారం ఉదయం

నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. ఫాంట్ల పరిజ్ఞానం లేదు, చదివే అలవాటు ఉంది. నాకు రెండు అభ్యంతరాలు.

టిరో తెలుగును తీసేయమనడం నాకు నచ్చలేదు. మా అబ్బాయి రెండు ఫాంట్లలోనూ ఒక పేజీ తీసిచ్చాడు. పద్యం చదవడానికి టిరోనే హాయిగా ఉంది, పాత అచ్చు పుస్తకం పట్టుకున్నట్టుంది. బోల్డ్ లేదన్నది ఆఫీసు కారణం. పద్యానికి బోల్డ్ ఎందుకు?

రెండోది ముఖ్యం. ఇలాంటి సావనీర్లలో చనిపోయిన గురువులకు, స్నేహితులకు ఒక పేజీ ఉంటుంది. దానికీ ఈ బూరె ఫాంటేనా?

---

బురుజు_సెంటర్ (కర్నూలు), బుధవారం ఉదయం

మాస్టారూ, మీరు అడిగాక 31వ పేజీ తెరిచి చూశా. "స్మృత్యంజలి" అని బాలూ ఎక్స్‌ట్రాబోల్డ్ 26లో ఉంది, కింద మా క్లాసువాళ్లు నలుగురు, సార్లు ముగ్గురు. మిఠాయి అంగడి బోర్డు కింద సంతాపం పెట్టినట్టుంది. నిన్న రాత్రి దీన్నే చూసి బాగుందనుకున్నా. సిగ్గేసింది.

---

పేజీలక్క (అనంతపురం), బుధవారం మధ్యాహ్నం

మాస్టారు గారు చెప్పింది నేను ముందే చెప్పాల్సింది. జోరు ఫాంటుకు ఒక మొహమే ఉంటుంది, అది నవ్వు మొహం. నెమ్మది ఫాంటు ఏ మాటనైనా మోస్తుంది. ఆ పేజీకి కొత్త ఫాంటు వెతక్కండి, మళ్లీ మూడోది వచ్చి కూర్చుంటుంది. నోటో సెరిఫ్ మామూలు మందంలోనే 20 పాయింట్లలో "స్మృత్యంజలి" పెట్టి, పైనా కిందా చోటు వదలండి. పేర్లు 13లో, ఒక్కో పేరుకు ఒక్కో వరుస. మిగతా పుస్తకమంతా బొద్దుగా ఉంది కాబట్టి అక్కడ అది లేకపోవడమే మాట్లాడుతుంది.

అట్లాగే జోరు ఫాంటును వ్యాసాల పేర్లకు, అట్టకు మాత్రమే కట్టేయండి. రాసినవాళ్ల పేర్లు, ఫోటోల కింది వరుసలు, ఉపశీర్షికలు, పేజీ నంబర్లు అన్నీ నోటో సెరిఫ్ మందాల్లోనే. చాలామంది ఫోటో కింద కూడా హెడ్డింగు ఫాంటే చిన్నది చేసి పెడతారు. బాలూ లాంటిది 9 పాయింట్లకు దిగితే వత్తులు కలిసిపోయి ఈగలు వాలినట్టుంటుంది.

టిరో సంగతి మాత్రం నేను ఒప్పుకోను మాస్టారూ. పద్యాలే ఉన్న పుస్తకమైతే నేనూ టిరోనే పెడతాను. ఇక్కడ రెండు పద్యాల కోసం దాన్ని తెస్తే, ఎదురు పేజీలో నోటో సెరిఫ్ ఉంటుంది. మళ్లీ పక్క నీలం చొక్కా కథే.

---

ఆదోని_మాస్టారు (ఆదోని), బుధవారం సాయంత్రం

పుస్తకమంతా టిరోలో పెట్టి, ఉపశీర్షికలకు బోల్డ్ బదులు వరుస పైన చోటు వదిలితే? మా కాలంలో ఉపశీర్షిక అంటే పైన ఖాళీ, మధ్యకు జరిపిన వరుస. ఎవరికీ అర్థం కాకపోలేదు.

---

పేజీలక్క (అనంతపురం), బుధవారం రాత్రి

అది జరిగే పనే. బోల్డ్ లేకుండా పేజీ కట్టడం మంచి చెయ్యి ఉన్నవాళ్లు చేస్తారు. వారంలో ప్రెస్సుకు పోవాల్సిన బురుజు గారికి మాత్రం నేను చెప్పను. మీ మాట తప్పనీ అనను.

---

కొత్త_డిజైనర్ (ప్రొద్దుటూరు), బుధవారం రాత్రి

అక్కా, బాలూ బదులు రామభద్ర పెడితే? అది కూడా హెడ్‌లైన్లకే కదా. నాకు బాలూ కొంచెం చిన్నపిల్లల టిఫిన్ బాక్సులా అనిపిస్తుంది.

---

పేజీలక్క (అనంతపురం), గురువారం ఉదయం

పెట్టొచ్చు. రామభద్ర లావుగానే ఉంటుంది, కానీ బాలూ అంత అల్లరి చేయదు. దాంట్లో ఒకే మందం, కాబట్టి దాని మీద మళ్లీ బోల్డ్ నొక్కకండి, ఉన్న ఖాళీలు కూడా పోతాయి. ఏది పెట్టినా గోడ పరీక్ష ఒకటే. బాడీ పక్కన పెట్టి ఆరడుగుల నుంచి చూస్తే రెండూ వేరే మనుషుల్లా కనిపించాలి, కొట్లాడుకుంటున్నట్టు మాత్రం ఉండకూడదు. బాలూ, నోటో సెరిఫ్ రెండింట్లోనూ సున్నాలు గుండ్రం, అందుకే తగాదా లేదు. చేతిరాత లాంటి లక్కిరెడ్డి పెట్టి చూశాను నేను. వేరుగా కనిపించింది కానీ ఇంటికొచ్చిన చుట్టంలా ఉంది, పేజీలో కలవలేదు. అది నా కన్ను. మీకు వేరేగా అనిపించొచ్చు.

---

కడప_ఫ్లెక్స్ (కడప), గురువారం మధ్యాహ్నం

ఇదంతా చదివి ఊరుకోలేక నా కారం దోసె బోర్డు ఫోటో మళ్లీ చూసుకున్నా. ఓనరు నిన్న ఫోన్ చేసినాడు. ఫోన్ నంబర్లో 3 అంకెను జనం 8 అనుకుని ఎవరికో చేస్తున్నారంట. జోరు ఫాంటులో 3 చివర్లు రెండూ లోపలికి చుట్టుకున్నాయి. రేపు నంబరు వరకు నెమ్మది ఫాంటులో స్టిక్కరు కొట్టి అంటిస్తా. బోర్డు మొత్తం మాత్రం మార్చేది లేదు, బోర్డుకు జోరే కరెక్టు.

---

అను_పాతకాపు (నంద్యాల), గురువారం సాయంత్రం

మేడమ్, ఈ జత అను ఫాంట్లలో ఎట్లా చేయాలో ఎవరూ చెప్పలేదు. మా ప్రెస్సులో యూనికోడ్ ఫైలు ఇస్తే తీసుకోరు.

---

పేజీలక్క (అనంతపురం), గురువారం సాయంత్రం

పద్ధతి ఏ ఫాంటుకైనా అదే అన్నా. మీ దగ్గరున్నవాటిలో బాడీది ఒకటి తేల్చుకుని, అట్టల మీద వాడే లావు రకాన్ని దాని పక్కన పెట్టి గోడకు అంటించండి. ప్రెస్సుకు ఫైలు ఇవ్వడం కష్టమైతే పీడీఎఫ్ చేసి ఇవ్వండి, ఫాంట్లు లోపలే కూర్చుంటాయి. వాళ్ల కంప్యూటర్లో ఫాంటు ఉందా లేదా అన్న పేచీ ఉండదు. బురుజు గారూ, మీరూ పీడీఎఫే ఇవ్వండి. ఇచ్చేముందు దాని ప్రాపర్టీస్‌లో ఫాంట్ల జాబితా తెరిచి చూడండి. బాలూ, నోటో సెరిఫ్ తప్ప ఇంకో పేరు కనిపిస్తే ఎక్కడో ఒక దొంగ మిగిలాడని.

---

బురుజు_సెంటర్ (కర్నూలు), శనివారం రాత్రి

దొంగ దొరికాడక్కా. జాబితాలో టైమ్స్ ఉంది. రెండు గంటలు వెతికితే 22వ పేజీ కింద పేజీ నంబరు బాక్సులో ఒక్కచోట. ఆ పేజీని పాత ఫైల్లోంచి కాపీ చేసి తెచ్చుకున్నా, దానితో పాటు వచ్చింది.

కబడ్డీ హెడ్డింగు మూడు వరుసలు చేసినా, 37 దగ్గర తగలకుండా కూర్చుంది. 31వ పేజీ మీరు చెప్పినట్టే. మా బ్యాచ్‌లో ఒకమ్మాయి అన్న పేరు అందులో ఉంది, ఆమెకు పంపిస్తే "బాగుంది" అని ఒక్క మాట పెట్టింది. టిరో వదిలేయడానికి మనసు రాలేదు మాస్టారూ, కానీ ఈసారికి వదిలేసినా.

ఈ సాయంత్రం కొత్త ప్రింటు హెడ్‌మాస్టరు గారికి ఇచ్చా. కుర్చీలో కూర్చుని మొదటి వ్యాసం మొత్తం చదివినారు. ఫాంటు గురించి ఒక్క మాట లేదు. తలెత్తి, "నా ఇనీషియల్ తప్పు పడింది, దిద్దు" అన్నారు.